డెక్ చూసి "ఇంతకీ ఏం అడుగుతున్నావ్?" అన్నారు: మేనేజ్‌మెంట్ ప్రెజెంటేషన్ సరిచేయడంలో సాయం కావాలి

లైన్‌ఇన్‌చార్జి

అందరికీ నమస్కారం. మసాలా పొడులు ప్యాక్ చేసే ప్లాంట్‌లో ప్యాకింగ్ విభాగం చూస్తాను. కారం, పసుపు, ధనియాల పొడి, ఇంకొన్ని. మార్చి నుంచి మే దాకా మాకు సీజన్. ఆ నెలల్లో రోజుకు 33,000 పౌచ్‌లు కావాలని సేల్స్ వాళ్ల అంచనా. మేం ఇప్పుడు ఇస్తున్నది 27,000. ఈ విషయం మీద వచ్చే వారం ఎండీ, ఫైనాన్స్ హెడ్, సేల్స్ హెడ్ ముందు ప్రెజెంటేషన్ ఉంది. నాకిచ్చిన సమయం 20 నిమిషాలు.

డెక్ 16 స్లైడ్లు వచ్చింది. మా ప్లాంట్ మేనేజర్‌కి ముందుగా చూపించాను. సగం దాకా ఓపిగ్గా చూసి, "అంతా బాగానే ఉంది గానీ, ఇంతకీ ఏం అడుగుతున్నావ్?" అన్నారు. టెక్స్ట్ ఎక్కువైంది, స్లైడ్‌కీ స్లైడ్‌కీ పొంతన లేదు అని కూడా అన్నారు. ఏ స్లైడ్ తీసేద్దామన్నా అదే ముఖ్యమైనదిగా కనిపిస్తోంది.

డెక్ ఇంగ్లీషులో ఉంది. టైటిళ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను:

1. ప్యాకింగ్ సామర్థ్యం పెంపు
2. అజెండా
3. ప్యాకింగ్ విభాగం పరిచయం
4. ఉత్పత్తుల జాబితా
5. మెషీన్ వివరాలు
6. 12 నెలల ప్రొడక్షన్ టేబుల్
7. డౌన్‌టైమ్ విశ్లేషణ (పై చార్ట్)
8. సేల్స్ ఫిర్యాదులు
9. ఛేంజోవర్ ప్రక్రియ (22 స్టెప్పులు)
10. ఛేంజోవర్ తగ్గించే పద్ధతులు
11. ట్రయల్ ఫలితాలు
12. ప్రత్యామ్నాయాలు
13. ఖర్చులు
14. రిస్కులు
15. ముందుకు దారి
16. ధన్యవాదాలు

ఛేంజోవర్ అంటే ఒక పొడి నుంచి ఇంకో పొడికి మెషీన్ మార్చడం. మొత్తం కథ అంతా దాని చుట్టూనే ఉంది. ఎలా సరిచేయాలో చెప్పండి.

గట్టుమీద

సింపుల్ అండీ. స్లైడ్‌కి ఆరు లైన్లు, లైన్‌కి ఆరు మాటలు. అంతకు మించి ఉన్నదంతా కొట్టేయండి. 22 స్టెప్పుల స్లైడ్ అసలు ఉండకూడదు. ఫాంట్ 24 కంటే తగ్గించొద్దు. మా కంపెనీలో ట్రైనింగ్‌లో ఇదే చెప్పారు, నేను ఎప్పుడూ ఇదే పాటిస్తాను. 16ని 10కి తీసుకురండి, సగం సమస్య తీరిపోతుంది.

వైజాగ్_కుర్రాడు

అన్నా, ఫ్లో కోసం అయితే మార్ఫ్ ట్రాన్సిషన్ వాడి చూడు. ఒక స్లైడ్‌లో ఉన్న బాక్స్ తర్వాతి స్లైడ్‌లోకి మెల్లగా జరిగినట్టు వస్తుంది, చూడ్డానికి కంటిన్యూగా ఉంటుంది. స్లైడ్‌ని డూప్లికేట్ చేసి, వస్తువుల స్థానం మార్చి, Transitions లో Morph పెడితే చాలు.

లైన్‌ఇన్‌చార్జి

@వైజాగ్_కుర్రాడు థాంక్స్ తమ్ముడూ. కానీ మా మేనేజర్ అన్న పొంతన అది కాదనుకుంటా. ఒక విషయం నుంచి ఇంకో విషయానికి ఎందుకు వెళ్తున్నామో అర్థం కావట్లేదని ఆయన బాధ.

@గట్టుమీద గారూ, తగ్గించడానికి చూశాను. 9వ స్లైడ్‌లో 22 స్టెప్పులని 8 చేశాను. తగ్గింది గానీ ఆ స్లైడ్ ఎందుకుందో ఇప్పుడూ తెలియడం లేదు.

పాతప్లానర్

చాలా ఏళ్లు ప్రొడక్షన్ ప్లానింగ్‌లో చేశాను. తర్వాత ఇలాంటి డెక్‌లు పైకి వెళ్లే ముందు చూసి పంపడమే నా పనిలో పెద్ద భాగం అయింది.

లైన్‌ఇన్‌చార్జి గారూ, మీ చివరి వాక్యంలోనే జబ్బు దొరికింది. మాటలు తగ్గినా ఆ స్లైడ్ ఎందుకుందో తెలియడం లేదన్నారు. కాబట్టి టెక్స్ట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆ మీటింగ్ అయ్యాక ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టాలి? అది ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం లేకుండా ఏ స్లైడ్ ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చే కొలత మన దగ్గర ఉండదు. అందుకే మీకు అన్నీ ముఖ్యమైనవిగా కనిపిస్తున్నాయి.

ఇంకో పని చేయండి. View > Outline View లోకి వెళ్లి టైటిళ్లు మాత్రమే పైనుంచి కిందికి చదవండి. "మెషీన్ వివరాలు", "ఖర్చులు", "రిస్కులు". ఇవి ఫైల్ కవర్ల మీద రాసే పేర్లు. లోపల ఏ రకం సమాచారం ఉందో చెబుతాయి గానీ ఆ సమాచారం ఏం తేల్చిందో చెప్పవు. ఎండీ గారికి ఫైల్ తెరిచి వెతికే ఓపిక ఉండదు. టైటిల్ పూర్తి వాక్యం కావాలి, క్రియ ఉండాలి, ఎవరైనా "కాదు" అనడానికి వీలుండాలి. "ఖర్చులు" అంటే ఎవరూ కాదనలేరు. "ఇంత ఖర్చుతో ఈ సీజన్ గట్టెక్కుతాం" అంటే కాదనొచ్చు. చర్చ అక్కడే మొదలవుతుంది.

ముందు ఆ ఒక్క వాక్యం, 11, 12, 13 స్లైడ్లలో ఏముందో ఇక్కడ రాయండి.

గట్టుమీద

టైటిల్‌లో పూర్తి వాక్యం పెడితే టెక్స్ట్ ఇంకా పెరుగుతుంది కదండీ? ఇక్కడ మూల సమస్యే టెక్స్ట్.

పాతప్లానర్

టైటిల్‌లో పది మాటలు పెరిగితే కింద అరవై మాటలు అవసరం లేకుండా పోతాయి. మీ నియమం తప్పు అనడం లేదు. గోడ మీద కనబడే అక్షరం పెద్దదిగా ఉండాలి, నిజమే. కానీ అది కంటికి సంబంధించిన నియమం, సందేశానికి కాదు.

2003 జనవరి నాటి స్లైడ్ ఒకటి గుర్తు చేస్తాను. కొలంబియా స్పేస్ షటిల్ పైకి వెళ్తున్నప్పుడు ఫోమ్ ముక్క ఊడి రెక్కకు తగిలింది. షటిల్ ఇంకా కక్ష్యలో ఉండగానే బోయింగ్ ఇంజినీర్లు నాసా వాళ్లకు స్లైడ్లు చూపించారు. అందులో ఒకదాని టైటిల్ చదివితే, పాత పరీక్షల లెక్కలు జరిగే నష్టాన్ని ఎక్కువగానే చూపిస్తాయి కాబట్టి భద్రమైన వైపే ఉన్నాం అన్న అభిప్రాయం కలుగుతుంది. దాని కింద మెట్లు మెట్లుగా బుల్లెట్లు. అట్టడుగున చిన్న అక్షరాల్లో ఒక లైన్: తగిలిన ముక్క ఘనపరిమాణం 1,920 ఘనపు అంగుళాలు, పరీక్షలో వాడింది 3. అంటే పరీక్షించిన దానికన్నా 640 రెట్లు పెద్ద ముక్క. ఆ పరీక్షల ఆధారంగా ఏమీ చెప్పలేం అన్నదే అక్కడ అసలు వార్త. అది అడుగున ఉంది, టైటిల్ ఇంకోవైపు లాగుతోంది. ఫిబ్రవరి 1న షటిల్ తిరిగి వస్తూ ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. ఆ ఒక్క స్లైడ్ వల్లే ప్రమాదం జరిగిందని అనలేం. కానీ దర్యాప్తు బోర్డు తన నివేదికలో ఆ స్లైడ్‌ని ప్రత్యేకంగా చూపించి, ముఖ్యమైన సంగతి అందులో ఎలా మరుగున పడిందో వివరించింది.

అందులో బుల్లెట్లన్నీ చిన్నవే. లైన్లు కుదించినంత మాత్రాన సమస్య తీరలేదు.

లైన్‌ఇన్‌చార్జి

ఆ సంగతి నాకు తెలియదు సార్. మీరు అడిగినవి రాస్తున్నాను, పొడవైనా ఏమీ అనుకోకండి.

రోజుకు రెండు షిఫ్టులు. విరామాలు పోగా మెషీన్ నడపడానికి 900 నిమిషాలు ఉంటాయి. రోజుకు సగటున 4 ఛేంజోవర్లు, ఒక్కోటి 75 నిమిషాలు, అంటే 300 నిమిషాలు పోతాయి. చిన్నాపెద్దా బ్రేక్‌డౌన్లు ఒక 60. మిగిలిన 540 నిమిషాలు నడుస్తుంది. నిమిషానికి 50 పౌచ్‌లు, కాబట్టి 27,000.

స్లైడ్ 11: ఛేంజోవర్‌లో ఎక్కువ సమయం పొడి తగిలే భాగాలు కడగడానికి, అంటే హాపర్, ఆగర్ స్క్రూ విప్పి కడిగి ఆరబెట్టడానికే పోతోంది. 75లో 38 నిమిషాలు అదే. మిగిలినదాంట్లో పౌచ్‌కి ఆకారం ఇచ్చే కాలర్, ఫిల్మ్ మార్చడం 17, బరువు సెట్ చేయడం 12, క్వాలిటీ వాళ్లు ఓకే చెప్పేదాకా ఆగడం 8. రెండో హాపర్-ఆగర్ సెట్ ఉంటే, మెషీన్ నడుస్తుండగానే ఒక సెట్ పక్కన కడిగి సిద్ధంగా పెట్టుకోవచ్చు. పక్క ప్లాంట్ నుంచి అరువు తెచ్చిన సెట్‌తో ట్రయల్ చేశాం. 40 నిమిషాల్లో అయింది.

స్లైడ్ 12: మూడు దారులు. కొత్త మెషీన్ కొనడం, మూడో షిఫ్టు పెట్టడం, రెండో సెట్ కొనడం. ఒక్కోదాని కింద లాభాలు ఏడు, నష్టాలు ఏడు.

స్లైడ్ 13: కొత్త మెషీన్ 48 లక్షలు. రెండో సెట్, కడిగే బల్ల, ట్రాలీ అన్నీ కలిపి 6 లక్షలు. కొత్త మెషీన్ రావడానికి నాలుగు నెలలు పడుతుంది, సెట్ అయితే ఆరు వారాలు. మూడో షిఫ్టుకి మనుషులు దొరకడం కష్టం.

ఒక్క వాక్యం: "ప్యాకింగ్ సామర్థ్యం పెంచడానికి తగిన నిర్ణయం తీసుకోవాలి." ఇది సరిపోతుందా?

పాతప్లానర్

సరిపోదు. "తగిన నిర్ణయం" అన్నది మీరు చేయాల్సిన పనిని వాళ్ల మీదకు నెట్టడం. వాళ్ల తరఫున ఆలోచించి పెట్టడానికే మీకు 20 నిమిషాలు ఇచ్చారు.

మీరు రాసినదాంట్లో అన్నింటికంటే బలమైన సంగతి ఏదో గమనించారా? కొత్త మెషీన్‌కి నాలుగు నెలలు. ఇప్పుడు డిసెంబర్ ఆఖరు. రేపే ఆర్డర్ ఇచ్చినా ఏప్రిల్‌లో వస్తుంది, బిగించి నడిపేసరికి సీజన్ సగం అయిపోతుంది. అంటే ఈ సీజన్ వరకూ కొత్త మెషీన్ అసలు ప్రత్యామ్నాయమే కాదు. అది మీ డెక్‌లో ఎక్కడ ఉంది?

లైన్‌ఇన్‌చార్జి

13వ స్లైడ్‌లో టేబుల్ కింద, ఆఖరి కాలమ్‌లో "లీడ్ టైమ్" అని ఉంది సార్.

పాతప్లానర్

అదే మొదటి స్లైడ్‌కి రావాలి. ఆ ఒక్క మాటతో 48 లక్షల చర్చ ఈ మీటింగ్ నుంచి తప్పుకుంటుంది. వాక్యం ఇలా ఉండొచ్చు: "ఈ సీజన్‌కి కొత్త మెషీన్ అందదు. 6 లక్షలతో రెండో సెట్ ఈ వారమే ఆర్డర్ ఇస్తే ఛేంజోవర్ సమయం తగ్గి రోజుకు 34,000 పౌచ్‌లు వస్తాయి. ఆ 6 లక్షలకు అనుమతి కావాలి."

300 నిమిషాల ఛేంజోవర్ 160 అవుతుంది. మిగిలేది 140 నిమిషాలు, నిమిషానికి 50 చొప్పున 7,000. 27,000కి కలిపితే 34,000. ఈ లెక్క ఎండీ గారు కాగితం మీద తనంతట తాను వేసుకోగలిగేలా ఉండాలి.

ఇక పొంతన సంగతి. ప్రతి రెండు టైటిళ్ల మధ్యా ఒక కలిపే మాట పెట్టి చూడండి. "అందుకే", "కానీ", "ఎందుకంటే", "అలాగైతే". వీటిలో ఏదైనా సహజంగా కూర్చుంటే ఆ రెండు స్లైడ్లు కలిసినట్టే. "ఇంకా" అన్నది తప్ప ఏదీ కుదరకపోతే అక్కడ తెగింది. మీ జాబితా అలా చదవండి. ఉత్పత్తుల జాబితా, ఇంకా మెషీన్ వివరాలు, ఇంకా ప్రొడక్షన్ టేబుల్, ఇంకా డౌన్‌టైమ్. ఏడో స్లైడ్ దాకా "ఇంకా" తప్ప ఇంకేం కుదరదు. ఎనిమిదిలో సేల్స్ ఫిర్యాదు హఠాత్తుగా వస్తుంది. నిజానికి కథ మొదలవ్వాల్సింది అక్కడ.

సేల్స్‌సందడి

నేను సేల్స్ వైపు మనిషిని. మా దగ్గర ఇంకో రకం బాధ. హెడ్ ఆఫీస్ వాళ్లు టెంప్లేట్ పంపిస్తారు, ప్రతి రీజియన్ అదే నింపాలి. స్లైడ్ 1 పోయిన నెల, 2 టార్గెట్, 3 డీలర్లు, 4 స్కీములు, 5 పోటీదారులు. చెప్పడానికి ఒక్కటే విషయం ఉన్నా అన్నీ నింపాలి. పోయిన నెల మా రీజియన్‌లో పెద్ద డీలర్ ఒకాయన పక్క కంపెనీకి వెళ్లిపోయాడు. అది మూడో స్లైడ్‌లో నాలుగో బుల్లెట్‌గా వెళ్లింది. ఎవరూ అడగలేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలి? టెంప్లేట్ మార్చే అధికారం మాకు లేదు.

లెక్కలావిడ

@సేల్స్‌సందడి టెంప్లేట్ స్లైడ్‌లకి ముందు ఒక స్లైడ్ అదనంగా పెట్టొద్దని ఎవరైనా అన్నారా? మా దగ్గర కొన్ని రీజియన్ల వాళ్లు పెడతారు. పైన వాక్యం, కింద మూడు లైన్లు, అంతే. టెంప్లేట్ దాని వెనకాలే ఉంటుంది. ఇప్పటిదాకా ఎవరూ అభ్యంతరం పెట్టలేదు.

ఇప్పుడు అసలు డెక్ గురించి. నేను ఫైనాన్స్‌లో పని చేస్తాను, ఇలాంటి ప్రపోజల్స్ అవతలి వైపు కూర్చుని చూస్తాను. పాతప్లానర్ గారు చెప్పిన వాక్యం బాగుంది గానీ 34,000 చూడగానే నా చేయి కాలిక్యులేటర్ మీదకు వెళ్తుంది. కావాల్సింది 33,000, ఇస్తామంటున్నది 34,000. మిగులు వెయ్యి మాత్రమే. 40 నిమిషాలు అన్నది కొంచెం పెరిగితే ఏమవుతుంది? 45 అయితే రోజుకు 120 నిమిషాలు మిగులుతాయి, 6,000 పౌచ్‌లు, సరిగ్గా 33,000. 50 అయితే 32,000, అంటే లోటు. కాబట్టి ఈ ప్రపోజల్ మొత్తం 45 నిమిషాల గీత మీద నిలబడి ఉంది. అది మీ డెక్‌లో ఎక్కడా లేదు. ఆ ట్రయల్ ఎవరు చేశారు, ఏ షిఫ్టులో?

లైన్‌ఇన్‌చార్జి

మేడం, ఇది అడుగుతారని భయపడ్డాను. 40 వచ్చింది పగటి షిఫ్టులో, మా సీనియర్ ఫిట్టర్ చేసినప్పుడు. సాయంత్రం షిఫ్టులో చేస్తే 52 వచ్చింది. అక్కడ కొత్త కుర్రాళ్లు ఉన్నారు. అది 14వ స్లైడ్‌లోని పద్నాలుగు లైన్ల రిస్కుల్లో, వర్షాకాలం తేమ, ఫిల్మ్ సప్లయి ఆలస్యం లాంటివాటి పక్కన, "ఆపరేటర్ నైపుణ్యం మీద ఆధారపడి ఉంటుంది" అని రాశాను.

లెక్కలావిడ

"ఆపరేటర్ నైపుణ్యం మీద ఆధారపడి ఉంటుంది" అన్న లైన్ చదివి ఎవరికీ 52 అని తెలియదు. పద్నాలుగు లైన్ల రిస్కుల స్లైడ్‌కి ఉన్న పెద్ద లోపం ఇదే. అన్నీ ఒకే సైజులో కనిపిస్తాయి. వర్షాకాలం తేమ, ఫిల్మ్ సప్లయి ఆలస్యం, 52 నిమిషాలు, అన్నీ పక్కపక్కనే. మూడోది ప్రపోజల్‌నే పడగొట్టేది. మిగతావి ఎప్పుడూ ఉండేవే.

52 అయితే ఏడాదిలో ముఖ్యమైన నెలల్లో రోజుకు 31,600 మాత్రమే. మీరు 34,000 అని చెప్పి 31,600 ఇస్తే వచ్చే ఏడాది మీ డెక్ ఎవరూ నమ్మరు.

పాతప్లానర్

లెక్కలావిడ గారు పట్టుకున్నది సరైన చోటే. ఇది డెక్ రాసే నేర్పుకి సంబంధించిన విషయం కాదు. ప్రపోజల్ ఇంకా పూర్తి కాలేదు, టెక్స్ట్ ఎక్కువ ఉండడం వల్ల ఆ లోటు మనకు కనబడలేదు. నేను చూసిన డెక్‌లలో చాలాసార్లు ఇదే జరిగింది. వాక్యంగా టైటిల్ రాయమంటే మనిషి ఇబ్బంది పడతాడు. ఆ ఇబ్బంది భాషది కాదు, తేల్చుకోని విషయానిది.

లైన్‌ఇన్‌చార్జి గారూ, ఛేంజోవర్లు రోజుకు 4 ఎందుకు? 3కి రావా? ఏ వరసలో నడుపుతున్నారు?

లైన్‌ఇన్‌చార్జి

సేల్స్ ఏది ముందు అడిగితే అది సార్. కారం తర్వాత పసుపు వస్తే మా ప్రాణం పోతుంది. ఎర్రరంగు ఎక్కడ మిగిలినా పసుపులో కనబడుతుంది. ధనియాలు, పసుపు, కారం అన్న వరసలో నడిపితే కడగడం కొంచెం తేలికవుతుంది. పెద్ద లాట్లు నడిపితే రోజుకు 3తో సరిపెట్టొచ్చు. కానీ సేల్స్ వాళ్లు ఒప్పుకోరు, ప్రతి డిపోకీ అన్నీ రోజూ కావాలంటారు.

పాతప్లానర్

లెక్క వేద్దాం. 3 ఛేంజోవర్లు, ఒక్కోటి 52 నిమిషాలే అనుకోండి. 156 నిమిషాలు. 300లో 144 మిగిలాయి, 7,200 పౌచ్‌లు, మొత్తం 34,200. అంటే కొత్త కుర్రాళ్లు చేసినా సరిపోతుంది. కేవలం 3కి తగ్గించి సెట్ కొనకపోతే 225 నిమిషాలు పోతాయి, అప్పుడు 30,750. అదీ చాలదు. రెండూ కలిస్తేనే ధీమాగా చెప్పగలం.

అంటే మీకు ఆ గదిలో ఇద్దరి దగ్గర నుంచి నిర్ణయం కావాలి. ఫైనాన్స్ నుంచి 6 లక్షలు. సేల్స్ నుంచి సీజన్‌లో రోజుకు మూడే మార్పులకు ఒప్పుకోలు. పాత డెక్‌లో రెండోది అడగనే లేదు.

సేల్స్‌సందడి

మా వైపు నుంచి చెబుతున్నా, మీటింగ్‌లో హఠాత్తుగా ఇది అడిగితే సేల్స్ హెడ్ కుదరదనే అంటారు. ఎండీ ముందు ఎవరు ఒప్పుకుంటారు? ముందు రోజే వెళ్లి మాట్లాడండి. ఏ డిపోకి ఏది ఒకరోజు ఆలస్యమైనా పర్లేదో వాళ్లకే తెలుసు. మా దగ్గరైతే ధనియాల పొడి రెండు రోజులకోసారి వెళ్లినా ఎవరూ గొడవ చేయరు. కారం ఆగితే మాత్రం ఫోన్లు మోగుతాయి.

న్యూజెర్సీ_నుంచి

అందరూ స్లైడ్లు ఎలా బాగుచేయాలా అని చూస్తున్నారు. అసలు స్లైడ్లు వద్దు, రెండు పేజీల నోట్ రాసివ్వండి అంటాను. 2004లో అమెజాన్‌లో జెఫ్ బెజోస్ పై స్థాయి సమావేశాల్లో పవర్‌పాయింట్ మాన్పించి, పూర్తి వాక్యాల్లో నోట్ రాయమన్నారు. సమావేశం మొదట్లో అందరూ కూర్చుని మౌనంగా చదువుతారు, తర్వాత చర్చ. వాక్యాల్లో రాస్తే "ఎందుకంటే", "కానీ" తప్పించుకోలేం. బుల్లెట్లలో తప్పించుకోవచ్చు. ఈ కేసుకి అదే సరిగ్గా సరిపోతుంది.

లైన్‌ఇన్‌చార్జి

మా ఎండీ గారు చదవరండీ. ఫోన్ మోగుతూనే ఉంటుంది. స్క్రీన్ మీద చూపిస్తేనే వింటారు.

పాతప్లానర్

నోట్ ఆలోచన మంచిదే. కానీ కింది స్థాయి మనిషి వెళ్లి ఎండీ మీటింగ్ పద్ధతి మార్చలేడు. మధ్యేమార్గం ఒకటుంది. నోట్ రాయండి, మీకోసం. అందులో నిలబడ్డ వాక్యాలే టైటిళ్లు అవుతాయి. మిగతా వివరం స్లైడ్ కింద నోట్స్‌లోకి వెళ్తుంది. ఫైనాన్స్ వాళ్లకు నోట్ ముందే పంపండి, వాళ్లు చదువుతారు.

లెక్కలావిడ

చదువుతాం. స్లైడ్ల కంటే అదే ఇష్టం కూడా.

గట్టుమీద

సరే, ఒప్పుకుంటాను, టైటిల్ వాక్యంగా ఉంటే తేడా ఉంది. కానీ 22 స్టెప్పుల స్లైడ్ సంగతి ఏంటి? 12 నెలల టేబుల్? తీసేయమంటే ఆయనకు మనసొప్పడం లేదు కదా.

పాతప్లానర్

తీసేయక్కర్లేదు, వెనక్కి పంపాలి. 22 స్టెప్పులు ప్లాంట్ మేనేజర్ అడిగే ప్రశ్నకి జవాబు, ఎండీ అడిగే ప్రశ్నకి కాదు. ఆఖరి స్లైడ్ తర్వాత బ్యాకప్ అని ఒక భాగం పెట్టి అవన్నీ అక్కడ ఉంచండి. ఎవరైనా అడిగితే, స్లైడ్ షో నడుస్తుండగానే ఆ స్లైడ్ నంబర్ టైప్ చేసి Enter నొక్కితే నేరుగా అక్కడికి వెళ్తుంది. నంబర్లు ఒక కాగితం మీద రాసుకోండి. వెతుక్కుంటూ వెనక్కీ ముందుకీ తిప్పితే గదిలో పట్టు పోతుంది.

22 స్టెప్పుల నుంచి పైకి రావాల్సింది ఒక్కటే: 75లో 38 నిమిషాలు కడగడానికే పోతోంది. దానికి రెండు అడ్డగీతలు చాలు. పైది 75 నిమిషాలు, నాలుగు ముక్కలుగా, 38 ముక్కకి రంగు, మిగతావి బూడిద రంగు. కిందది ట్రయల్‌ది, అదే కొలతలో. 38 ముక్క ఎంత కుంచించుకుపోయిందో మాట లేకుండానే కనబడుతుంది. ట్రయల్ 40లో ఏ ముక్క ఎంత?

లైన్‌ఇన్‌చార్జి

సెట్ మార్చడం 8, కాలర్, ఫిల్మ్ 15, బరువు 10, క్వాలిటీ 7.

పాతప్లానర్

అంతే. 38 నుంచి 8కి. మిగతా మూడూ దాదాపు అలాగే ఉన్నాయి, కాబట్టి వాటి గురించి మాట్లాడనే అక్కర్లేదు. 52 వచ్చిన రోజు ముక్కలు కూడా తెచ్చుకోండి. కొత్త కుర్రాళ్లు 12 నిమిషాలు ఎక్కడ పోగొట్టుకున్నారో తెలిస్తే, శిక్షణతో తగ్గుతుందా లేదా చెప్పగలరు.

మీ ఏడో స్లైడ్‌లోని గుండ్రటి పై చార్ట్‌లో ఎన్ని ముక్కలు ఉన్నాయి?

లైన్‌ఇన్‌చార్జి

తొమ్మిది. అందులో ఛేంజోవర్ పెద్దది, మిగతావన్నీ సన్నటి ముక్కలు. లేబుళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

లెక్కలావిడ

దాన్ని కూడా 900 నిమిషాల గీతగా వేయండి. నడిచింది 540, ఛేంజోవర్ 300, మిగతావన్నీ కలిపి 60. తొమ్మిదింటిలో ఎనిమిది కలిపినా 60 నిమిషాలే అయితే వాటిని విడివిడిగా చూపడం వల్ల ఏం తెలుస్తుంది? శాతాలు వద్దు, నిమిషాలే ఉంచండి. 33 శాతం అంటే దేనిలో అని మళ్లీ అడుగుతాం.

వైజాగ్_కుర్రాడు

అన్నా, ఇప్పుడు అర్థమైంది ఫ్లో అంటే. అయితే ఆ 75 గీత నుంచి 40 గీతకి మార్ఫ్ పెట్టొచ్చు కదా? 38 ముక్క వాళ్ల కళ్ల ముందే 8కి తగ్గుతుంది.

పాతప్లానర్

అది మాత్రం బాగుంటుంది. అక్కడ కదలికకి ఒక అర్థం ఉంది. మిగతా ఎక్కడా వాడొద్దు. రెండు గీతలూ ఉన్న మామూలు స్లైడ్ కూడా ఒకటి ఉంచండి, పీడీఎఫ్ పంపితే కదలిక రాదు.

లైన్‌ఇన్‌చార్జి

రాత్రి కూర్చుని మళ్లీ రాశాను. ముందు నోట్, తర్వాత టైటిళ్లు. చూడండి:

1. ఈ సీజన్‌కి కొత్త మెషీన్ అందదు. 6 లక్షల రెండో సెట్, రోజుకు మూడే ఛేంజోవర్లు అయితే 34,000 పౌచ్‌లు ఇవ్వగలం
2. మార్చి నుంచి రోజుకు 33,000 కావాలి, మనం ఇస్తున్నది 27,000
3. మెషీన్ వేగం తక్కువ కాదు. 900 నిమిషాల్లో 300 ఛేంజోవర్లకే పోతున్నాయి
4. ఒక్కో ఛేంజోవర్‌లో సగం కడగడమే. రెండో సెట్ ఉంటే అది మెషీన్ ఆపకుండా జరుగుతుంది
5. ట్రయల్‌లో 75 నిమిషాలు పగలు 40కి, సాయంత్రం 52కి వచ్చింది
6. 52 నిమిషాలే పట్టినా, రోజుకు మూడు మార్పులైతే 33,000 దాటుతాం
7. ఈ వారం ఆర్డర్ ఇస్తే సెట్ ఫిబ్రవరిలో వస్తుంది. 6 లక్షలకు, మూడు మార్పుల ప్లాన్‌కు అనుమతి కావాలి

బ్యాకప్‌లో 22 స్టెప్పులు, ప్రొడక్షన్ టేబుల్, మూడో షిఫ్టు లెక్క, కొత్త మెషీన్ కొటేషన్. పరిచయం, ఉత్పత్తుల జాబితా, అజెండా, ధన్యవాదాలు తీసేశాను. కలిపే మాటలు పెట్టి చదివాను. 2 నుంచి 3కి "కానీ", 3 నుంచి 4కి "ఎందుకంటే", 4 నుంచి 5కి "నిజంగానే", 5 నుంచి 6కి "అయినా", 6 నుంచి 7కి "అందుకే".

పాతప్లానర్

3 నుంచి 4కి "ఎందుకంటే" సరిగ్గా కూర్చుంది. మొదటి స్లైడ్ టైటిల్ మాత్రం బరువెక్కింది. "ఈ సీజన్‌కి కొత్త మెషీన్ అందదు" అన్నది టైటిల్‌గా ఉంచి, మిగతాది కింద రెండు లైన్లుగా పెట్టండి. అడుగుతున్న రెండు విషయాలకీ ఎదురుగా ఎవరు ఒప్పుకోవాలో వాళ్ల హోదా రాయండి.

ఒక చిన్న పరీక్ష. ప్యాకింగ్‌తో సంబంధం లేని ఒకరికి, స్టోర్స్‌లోనో అకౌంట్స్‌లోనో ఎవరికైనా, నాలుగో స్లైడ్ పది సెకన్లు చూపించి మూసేయండి. ఏం చెప్పిందని అడగండి. వాళ్లు చెప్పింది టైటిల్‌కి దగ్గరగా ఉంటే సరే. "ఏదో రంగుల గీతలు" అంటే చార్ట్ మార్చాలి.

గట్టుమీద

ఐదో స్లైడ్‌లో 52 అని అంత బాహాటంగా పెట్టాలా? 40 చూపించి, అడిగితే 52 చెప్పొచ్చు కదా. మీ బలహీనత మీరే టైటిల్‌లో రాసుకున్నట్టుంది.

లెక్కలావిడ

నా ఉద్దేశంలో టైటిల్‌లోనే ఉండాలి. అడిగాక చెబితే దాచారనిపిస్తుంది. ముందే చెబితే ఆరో స్లైడ్‌లోని జవాబు వినడానికి సిద్ధంగా ఉంటాం. పైగా మూడు మార్పులు ఎందుకు అడుగుతున్నారో సేల్స్ హెడ్‌కి అర్థమయ్యేది ఆ 52 వల్లనే.

గట్టుమీద

ఫైనాన్స్ వాళ్లు అలా అనుకుంటారు. అందరు ఎండీలూ అలా ఉండరు మేడం. 52 చూడగానే "ఇంకా ట్రయల్స్ చేసుకుని రండి" అనే వాళ్లని చూశాను. దానికి రెండు వారాలు పోతే ఆరు వారాల లీడ్ టైమ్‌తో మార్చికి అందదు.

పాతప్లానర్

ఆ ప్రమాదం ఉంది, కాదనను. నేనైతే పెడతాను. కానీ మీ ఎండీ గారిని నేను చూడలేదు. మీ ప్లాంట్ మేనేజర్‌ని అడగండి.

సేల్స్‌సందడి

నాదొక ప్రశ్న మిగిలిపోయింది. ఆ 33,000 సేల్స్ అంచనా అన్నారు కదా. అది ఎవరిచ్చారు? మా దగ్గర సీజన్ అంచనా ఎప్పుడూ కొంచెం పెంచే ఇస్తాం, సరుకు తక్కువ పడకుండా. నిజంగా 31,000 చాలితే ఈ లెక్కంతా మారుతుంది.

లైన్‌ఇన్‌చార్జి

పోయిన సీజన్‌లో నిజంగా పంపింది ఎంతో డిస్పాచ్ రిజిస్టర్ తీయించాలి. రేపు సేల్స్ హెడ్‌ని కలవడానికి వెళ్తున్నాను. మూడు మార్పుల గురించి మాట్లాడేటప్పుడు ఇదీ అడుగుతాను. ఆయన 33,000 తగ్గిస్తే రెండో స్లైడ్, ఆరో స్లైడ్ మళ్లీ రాసి ఇక్కడే పెడతాను.